ఔన్సులు, గ్రాములు, పార్సెలు రుసుము

అమెరికా నుండి విజయవాడకు వచ్చిన ఒక పుస్తకాల పార్సెలును తిరిగి అక్కడికే పంపవలసివచ్చిందనుకొందాము. దానిపై బరువు 1 పౌను 10 ఔన్సులని వ్రాసి ఉన్నది. మన తపాలా రుసుముల పట్టికలో బరువులు గ్రాములలో ఉంటవి. తపాలా కార్యాలయంలో ఎలాగూ మళ్ళీ తూస్తారు గదా అనవచ్చు. నిజమే. కాని అక్కడ అడిగే రుసుము సరియైనదో కాదో తెలియాలంటే లెక్క మనకూ తెలిసి ఉండాలి.

పౌనుకు 16 ఔన్సులు. కనుక పార్సెలు బరువు 26 ఔన్సులు. దీనిని 1.10 పౌన్లని వ్రాసుకొని గుణించేవారున్నారు. అది పెద్ద పొరపాటు. పది ఔన్సులంటే పౌనులో పదహారింట పదివంతులు, అనగా 0.625. కాబట్టి బరువు 1.625 పౌన్లు. 1.10 అనుకొంటే 737 గ్రాములకు బదులు 499 గ్రాములే వస్తుంది.

అమెరికా, బ్రిటన్ మొదలైన ఆరు దేశాలు 1959లో చేసుకొన్న ఒప్పందం ప్రకారం పౌను 453.59237 గ్రాములు. దీనిని 16 చేత భాగిస్తే ఔన్సు ఇంచుమించు 28.35 గ్రాములవుతుంది. (బంగారం తూచే ఔన్సు వేరు. అది 31.1 గ్రాములు. దానికీ తపాలాకూ సంబంధం లేదు.) 26ను 28.35 చేత గుణిస్తే 737.1 గ్రాములు.

రుసుము 250 గ్రాములకొక మెట్టు చొప్పున పెరుగుతుందనుకొందాము. దేశాన్నిబట్టి, సేవనుబట్టి ఈ మెట్లు మారుతుంటవి గనుక అసలు పట్టికను చూడవలె. 737 గ్రాములు మూడవ మెట్టులో పడుతుంది. సులువుగా ఉంటుందని ఔన్సుకు 30 గ్రాములు వేసుకొంటే 780 వచ్చి, లెక్క నాలుగవ మెట్టుకు ఎక్కుతుంది. పోనీ, 28 వేసుకొంటే? 26 ఔన్సులకు 728 గ్రాములు వచ్చి, మెట్టు సరిగానే కుదురుతుంది. కాని బరువు 26.5 ఔన్సులైతే 742 అని చూపి మోసగిస్తుంది. నిజానికది 751 గ్రాములు, నాలుగవ మెట్టు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు త్రాసులోనే ఉన్నది. పార్సెలును తూచిన త్రాసు సగం ఔన్సును చూపలేక, దగ్గరి పూర్తి ఔన్సునే చూపేదైతే, దాని 26కు అర్థం 25.5కూ 26.5కూ నడుమ ఎక్కడైనా అని. గ్రాములలో అది 723 మొదలు 751 వరకు. మన మెట్టు అంచు 750 ఆ వ్యవధిలోనే ఉన్నది! గుణకారాన్ని ఎన్ని దశాంశస్థానాల వరకు చేసినా ఈ సందేహం తీరదు. త్రాసు చెప్పని దానిని లెక్క చెప్పలేదు. వ్యవధి అంతా ఒకే మెట్టులో పడితే పైనున్న అంకెను నమ్మవచ్చును. ఇక్కడ వలె అంచును తాకితే మాత్రం గ్రాముల త్రాసుపై మళ్ళీ తూచక తప్పదు.

తూచేది కూడా కట్టి, చీటీ అంటించిన తరువాతనే. బరువు సరిగ్గా 26 ఔన్సులే అయినప్పటికీ, మెట్టు అంచుకు మిగిలేది 13 గ్రాములు మాత్రమే. కొత్తగా చుట్టిన అట్టకాగితమూ టేపూ కలిసి ఆ పాటి బరువు తేలికగా తూగగలవు.