ఎంత తెగిందో అంతే మొలుస్తుంది

ఆక్సలాటల్‌కు మణికట్టు దగ్గర తెగితే అరచేయి, వేళ్లు మాత్రమే మొలుస్తాయి. భుజం దగ్గర తెగితే మొత్తం చేయి వస్తుంది. ఎక్కడ తెగిందో, ఎంత పెంచాలో ఆ మొండికి ఎలా తెలుస్తుంది? మెక్సికో నగరం అంచున ఉన్న సొచిమిల్కో కాలువల్లో బతికే ఈ సాలమాండర్‌ను పరిశోధకులు చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న ఇది.

చేయి తెగిన ఒక రోజులోపే చర్మం పైపొరలోని కణాలు పాకి వచ్చి గాయాన్ని కప్పేస్తాయి. దాని అడుగున ఉన్న కణాలు కొన్ని తమ పాత పని మానేసి, విభజన చెందుతూ మొండి చివర చిన్న బుడిపెలా పోగవుతాయి. దీన్నే బ్లాస్టెమా అంటారు. అందులో ప్రతి కణమూ ఏదైనా కాగలదని మొదట్లో అనుకున్నారు. కానీ కండరం నుంచి వచ్చినది కండరమే అవుతుందని 2009లో తేలింది. ఆ మొండికి వెళ్లే నరాన్ని ముందే కోసేస్తే బుడిపే లేవదు. గాయాన్ని శుభ్రం చేసే మాక్రోఫేజ్ కణాలను తొలగిస్తే చేయికి బదులు మచ్చ మిగులుతుంది.

ఇక కొలత సంగతి. విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లం భుజం వైపు ఎక్కువగా, వేళ్ల వైపు తక్కువగా పనిచేస్తుంది. కణాలు ఆ మోతాదును బట్టి తమ చోటు పోల్చుకుంటాయి. అమెరికాలోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ మోనహన్ బృందం 2025లో, ఈ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైమే మణికట్టు దగ్గర మోతాదును తగ్గించి ఉంచుతుందని చూపింది. ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటే, మణికట్టు దగ్గర తెగిన చేయి తాను భుజం దగ్గర ఉన్నానని పొరబడుతుంది. అరచేయి రావలసిన చోట దండ, మోచేయి కూడా మొలుస్తాయి.

స్టార్‌ఫిష్ ఇదే పనిని మరో దారిలో చేస్తుంది. తెగిన చోట ముందుగా చేయి కొస తయారవుతుంది. కాంతిని పసిగట్టే కన్ను ఉండేది అక్కడే. తర్వాత ఆ కొసకూ పాత మొండికీ మధ్య ఖాళీ నెమ్మదిగా నిండుతుంది. పూర్తి పొడవు రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైనే పడుతుంది. చాలా జాతుల్లో తెగిన చేయి కొత్త జీవిగా మారాలంటే నడిమి భాగంలో కొంతైనా దానితో రావాలి. లింకియా జాతిలో కొన్నింటికి ఒక్క చేయి చాలు.

మనుషుల్లోనూ పసిపిల్లల వేలి కొస గోటి మొదలు మిగిలుంటే తిరిగి పెరగగలదు. అంతకంటే పైన తెగితే మచ్చ పడుతుంది. మోనహన్ బృందం ఆక్సలాటల్‌లో షాక్స్ అనే జన్యువును తీసేస్తే చేతులు పొట్టిగా, అరచేతులు మామూలుగా వచ్చాయి. ఈ జన్యువూ, రెటినోయిక్ ఆమ్లమూ మనలోనూ ఉన్నాయి. మనకు లేనిది ఆ బుడిపె. మచ్చ కట్టే మన ఫైబ్రోబ్లాస్ట్ కణాలు ఆక్సలాటల్‌లో మాదిరిగా ఆ సంకేతాలను వినేలా చేయవచ్చా అన్నదే ఇప్పటి అన్వేషణ. అది తేలితే ముందుగా అందే ఫలితం కొత్త చేయి కాకపోవచ్చు, మచ్చ లేకుండా మానే గాయం కావచ్చు.