టెండరు నిబంధనలో చిక్కుముడులు

టెండరు పత్రంలో ఎక్కువ తగాదాలు పుట్టేది అర్హత నిబంధన దగ్గర. అనుభవం, టర్నోవరు, కాలపరిమితి, సర్టిఫికెట్లు అన్నీ ఒకే వాక్యంలో ఇరుక్కుని ఉంటాయి. కేంద్ర విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో సూచించిన కొలమానాలు ఇలాంటి నిబంధనలకు చాలాచోట్ల ఆధారం. వాటిని అనుసరించి, కోటి రూపాయల అంచనాతో తలపెట్టిన ఒక మంచినీటి పథకానికి నిబంధన ఇలా రాశారనుకుందాం:

“గత ఏడేళ్లలో ప్రభుత్వ శాఖల్లో లేదా ప్రైవేటు సంస్థల్లో టీడీఎస్ సర్టిఫికెట్లతో, అంచనా విలువలో 40 శాతానికి తగ్గని మూడు గానీ, 50 శాతానికి తగ్గని రెండు గానీ, 80 శాతానికి తగ్గని ఒకటి గానీ ట్యాంకు లేదా పైపులైను మరియు పంపింగ్ పనులను సంతృప్తికరంగా పూర్తి చేసి, గత మూడేళ్ల సగటు టర్నోవరు అంచనాలో 30 శాతానికి తగ్గని బిడ్డరే అర్హుడు.”

విడదీసేటప్పుడు మొదటి పని వాక్యాన్ని మార్చడం కాదు. ఉన్న మాటలను ఉన్నట్టే ఉంచి, ఎక్కడెక్కడ తెంపవచ్చో గుర్తుపెట్టాలి. ఇక్కడ తేలిగ్గా విడిపోయేది టర్నోవరు. అది అనుభవంతో సంబంధం లేని షరతు కాబట్టి వేరే నంబరు ఇవ్వాలి: ‘గత ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిసే మూడేళ్ల సగటు వార్షిక టర్నోవరు 30 లక్షలకు తగ్గకూడదు.’ ఏ తేదీతో ముగిసే మూడేళ్లో కమిషన్ సూచనలోనే ఉంది. నిబంధన రాసినవారు దాన్ని వదిలేశారు.

అనుభవం భాగంలో పొరపాటు జరిగే చోటు ‘గానీ’ల దగ్గర ఉంది. 40 లక్షల పనులు మూడు, 50 లక్షలవి రెండు, 80 లక్షలది ఒకటి అని మూడు వరుసల్లో రాసి, ‘వీటిలో ఏదో ఒకటి చాలు’ అన్న మాట పైన పెట్టకపోతే, పరిశీలించే గుమస్తా మూడూ ఉండాలని టిక్కులు పెట్టుకుంటూ పోతాడు. షరతును ముక్కలు చేసేవారు ముక్కల మధ్య సంబంధాన్ని కూడా రాయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

పని స్వభావం దగ్గర అసలు చిక్కు ఉంది. ‘ట్యాంకు లేదా పైపులైను మరియు పంపింగ్’ అంటే రెండు రకాలుగా చదవవచ్చు. ట్యాంకు ఒక్కటి కట్టినా చాలు, లేదంటే పైపులైనూ పంపింగూ రెండూ చేసి ఉండాలి అన్నది ఒకటి. ట్యాంకు కట్టినా పైపులైను వేసినా, పంపింగ్ మాత్రం తప్పనిసరి అన్నది రెండోది. టీడీఎస్ సంగతీ అంతే. ఆ సర్టిఫికెట్లు సాధారణంగా ప్రైవేటు పనుల నిజానిజాలు తేల్చుకోవడానికి అడుగుతారు. కానీ ఈ వాక్యంలో ప్రభుత్వ పనులకూ వర్తిస్తాయని వాదించవచ్చు.

ఇక ‘సంతృప్తికరంగా’ అన్నదాన్ని కొలిచే సాధనం లేదు. దాని బదులు ‘ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు స్థాయికి తగ్గని అధికారి ఇచ్చిన, పని పూర్తయిన తేదీ, విలువ ఉన్న ధ్రువపత్రం’ అని రాస్తే, కాగితం చూసి ఉందో లేదో చెప్పవచ్చు. ప్రైవేటు పనికి ఆ పత్రం ఎవరివ్వాలో వేరే వరుసలో రాయాలి. ‘గత ఏడేళ్లు’ ఎప్పటితో ముగుస్తాయో, పని మొదలవడం కూడా ఆ ఏడేళ్లలోనే జరగాలో లేక పూర్తయితే చాలో కూడా చెప్పాలి. ఏడేళ్లను టెండరు పిలిచిన నెలకు ముందు నెల చివరి రోజుతో ముగించాలన్నది కమిషన్ సూచన. పాత పని విలువను నేటి ధరలకు పెంచి చూడాలా అన్నది మరో ప్రశ్న. కేంద్ర ప్రజాపనుల శాఖ పద్ధతిలో ఏడాదికి 7 శాతం చొప్పున సాధారణ రేటుతో పెంచుతారు. ఆ మాట లేకపోతే ఆరేళ్ల కిందటి 36 లక్షల పని 40 లక్షల గీత దాటిందా లేదా అన్నది ఎవరికి తోచినట్టు వారు చెబుతారు.

విడదీసిన షరతులు నిలబడతాయో లేదో చూడటానికి ఊహా బిడ్డర్లు పనికొస్తారు. 79 లక్షలది ఒకటి, 45 లక్షలది ఒకటి చేసినవాడు ఏ దారిలోనూ నెగ్గడు. 60 లక్షల పనులు రెండు ఉన్నవాడు నెగ్గుతాడు. ఇంతవరకు అందరూ ఒకే మాట చెబుతారు. ట్యాంకు మాత్రమే కట్టినవాణ్ని, తొమ్మిదేళ్ల కిందట మొదలుపెట్టి ఆరేళ్ల కిందట ముగించినవాణ్ని ఇద్దరు ఇంజనీర్లకు విడివిడిగా చూపిస్తే జవాబులు వేరైపోతాయి. జవాబులు వేరైన చోటల్లా నిబంధన ఇంకా రాయవలసి ఉన్నట్టే.

బిడ్డరు మాత్రం తనకు అనుకూలమైన అర్థం పట్టుకుని కూర్చోకూడదు. ప్రీబిడ్ సమావేశంలో రాతపూర్వకంగా అడగాలి. టెండరు రాసినవారికే దాని అవసరాలు బాగా తెలుస్తాయని సుప్రీంకోర్టు 2016లో నాగపూర్ మెట్రో కేసులో చెప్పింది కాబట్టి, తరువాత కోర్టుకెళ్లి తన అర్థమే సరైనదని గెలవడం కష్టం. శాఖ ఇచ్చే జవాబు కూడా నోటిమాటగా మిగలకుండా సవరణ నోటీసుగా అందరికీ వెళ్లాలి. అదీ బిడ్లు తెరవకముందే జరగాలి. విడదీసిన పట్టికలో ప్రతి వరుస పక్కన మూల నిబంధన నంబరు ఉంచాలి, ఎందుకంటే చట్టబద్ధంగా చెల్లేది పట్టిక కాదు, సవరణలతో కలిపిన టెండరు పత్రమే.