గేరు పంటి మీద గుంటలెందుకు?

బాగా అరిగిన గేరు పంటిని వెలుగులో తిప్పి చూడండి. నడిమికి కాస్త కింద, సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపించవచ్చు.

పళ్లు తాకేచోట అవి ఒకదాన్నొకటి నొక్కుకునే ఉక్కు రోలర్లలాగే పనిచేస్తాయి. 40 మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల పొడవున్న రెండు రోలర్లను 200 కిలోల బరువుతో నొక్కామనుకుందాం. తాకిన గీత కాస్త అణిగి పట్టీ అవుతుంది. దాని వెడల్పు 0.2 మిల్లీమీటరే! పట్టీ నడుమ చదరపు మిల్లీమీటరుకు దాదాపు 60 కిలోల ఒత్తిడి. ఈ లెక్క కట్టే పద్ధతిని జర్మనీ శాస్త్రవేత్త హెర్ట్జ్ 1882లో ప్రచురించాడు. బరువు రెట్టింపైతే పట్టీ కూడా వెడల్పవుతుంది కనుక ఒత్తిడి 1.4 రెట్లే అవుతుంది.

లోహాన్ని కోసే బలం మాత్రం పైన కాదు, సుమారు 0.08 మిల్లీమీటర్ల లోతున ఎక్కువ. నూనె పొర బాగున్నా పగులు అక్కడ పుట్టి పైకి రావచ్చు. అప్పుడే పెళ్ల ఊడుతుంది. అందుకే పంటిని అంతకన్నా లోతుగా గట్టిపరుస్తారు. గుంటలు పెరుగుతూ పోతుంటే నూనె మార్చి లాభం లేదు, గేరునే మార్చాలి.