ఫ్లోచార్ట్‌ను చదివి వినిపించేలా రాయడం

ఫ్లోచార్ట్‌లో సమాచారం రెండు చోట్ల ఉంటుంది. కొంత పెట్టెల్లోని మాటల్లో ఉంటే, మిగతాది వాటిని కలిపే బాణాల్లో ఉంటుంది. చూపులేని ఉద్యోగులు కంప్యూటర్‌పై స్క్రీన్ రీడర్ సాయంతో పనిచేస్తారు. ఎన్‌వీడీఏ, జాస్ వంటి ఈ సాఫ్ట్‌వేర్లు తెరమీది అక్షరాలను చదివి వినిపిస్తాయి. వర్డ్ ఫైల్‌లో ఫ్లోచార్ట్‌ను బొమ్మగా అతికిస్తే ‘గ్రాఫిక్’ అన్న మాట తప్ప లోపలి విషయం వినబడదు. వర్డ్‌లోనే ఒక్కో పెట్టె విడిగా గీసినా ఇబ్బంది తీరదు. పెట్టెల వరుస తారుమారు కావచ్చు, ఏ బాణం ఎక్కడికి వెళ్తుందో అసలే తెలియదు. అందుకే బొమ్మతో పాటు రెండు రాతలు కావాలి. ఒకటి చిన్నదైన ఆల్ట్ టెక్స్ట్, రెండోది పూర్తి వివరణ.

ఆల్ట్ టెక్స్ట్ బొమ్మకు అంటిపెట్టుకుని ఉండే రాత. వర్డ్‌లో బొమ్మపై రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో Alt Text అన్న ఎంపిక ఉంటుంది. స్క్రీన్ రీడర్ ఈ రాతను సాధారణంగా ఒకే ప్రవాహంగా చదివేస్తుంది. అందులో శీర్షికలు, జాబితాలు పెట్టే వీలుండదు. మామూలు పేరాలోలాగా ఒక్కో వాక్యం దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి వినడం కష్టం. కాబట్టి ఫ్లోచార్ట్ మొత్తాన్ని అక్కడ కుక్కకూడదు. బొమ్మ దేని గురించి, ఎంత పెద్దది, పూర్తి వివరణ ఎక్కడుంది అన్న మూడు సంగతులు చాలు. ‘ఇది ఒక చిత్రం’ అని మొదలుపెట్టనక్కర్లేదు, ఆ మాట స్క్రీన్ రీడరే చెబుతుంది.

ఉదాహరణకు, ఒక ఆఫీసులో ప్రయాణ బిల్లు చెల్లించే పద్ధతిని చూపే ఫ్లోచార్ట్ ఉందనుకుందాం. దానికి ఆల్ట్ టెక్స్ట్ ఇలా ఉండవచ్చు: ‘ప్రయాణ బిల్లు చెల్లింపు ఫ్లోచార్ట్. ఆరు దశలు, అందులో మూడు ప్రశ్నలు, రెండు ముగింపులు. పూర్తి వివరణ కింద ఉంది.’

బొమ్మ కిందే, అందరికీ కనిపించేలా, ‘ఫ్లోచార్ట్ వివరణ’ అనే శీర్షికతో రెండో రాత వస్తుంది. దీన్ని వర్డ్‌లోని హెడింగ్ స్టైల్‌తో పెట్టాలి. అక్షరాలను లావు చేసి వదిలేస్తే స్క్రీన్ రీడర్ దాన్ని శీర్షికగా గుర్తించదు, వినేవారు నేరుగా అక్కడికి చేరుకోలేరు.

1. ఉద్యోగి రసీదులు జతచేసి బిల్లు ఇస్తారు. తర్వాత 2వ దశ.
2. రసీదులన్నీ ఉన్నాయా? ఉంటే 3వ దశ. లేకపోతే తిరిగి 1వ దశ.
3. బిల్లు 10,000 రూపాయలు దాటిందా? దాటితే 4వ దశ. దాటకపోతే 5వ దశ.
4. శాఖాధిపతి ఆమోదించారా? ఆమోదిస్తే 5వ దశ. లేకపోతే 6వ దశ.
5. అకౌంట్స్ విభాగం సొమ్ము జమచేస్తుంది. ముగింపు.
6. కారణం రాసి బిల్లు తిప్పి పంపుతారు. ముగింపు.

ఇక్కడ ప్రతి పెట్టెకూ ఒక అంకె ఉంది, ప్రతి బాణమూ ‘ఫలానా దశ’ అన్న మాటగా మారింది. 5వ దశకు రెండు దారులున్నాయి. 2వ దశ నుంచి ఒక దారి వెనక్కి తిరుగుతుంది. అంకెలు లేకుండా కథలా రాస్తే ఇలాంటి చోట్లే తికమక మొదలవుతుంది, చెప్పిందే మళ్లీ చెప్పాల్సి వస్తుంది. ‘ఎడమవైపు పసుపు డైమండ్’ వంటి మాటలు వినేవారికి పనికిరావు. డైమండ్ అంటే ప్రశ్న అని ప్రశ్న రూపంలోనే తెలిసిపోతుంది. రంగుకు అర్థం ఉంటే, ఉదాహరణకు ఎరుపు పెట్టెలు అకౌంట్స్ విభాగం పనులైతే, ఆ అర్థాన్నే రాయాలి.

రాసింది సరిగ్గా ఉందో లేదో లెక్కపెట్టి చూడవచ్చు. ఈ బొమ్మలో బాణాలు ఏడు. వివరణలో ‘దశ’కు పంపిన చోట్లు కూడా ఏడే ఉండాలి. ఆరే వస్తే ఒక దారి తప్పిపోయినట్టు. ఎక్కువగా తప్పిపోయేది ‘లేకపోతే’ అన్న దారే. ఇంకో పరీక్ష కూడా ఉంది. బొమ్మ చూడని ఒకరికి వివరణ మాత్రమే చదివి వినిపించి, కాగితంపై ఫ్లోచార్ట్ గీయమనాలి. గీసింది అసలు బొమ్మతో సరిపోలని చోట వాక్యాన్ని మార్చాలి. చివరిగా, వివరణ ఎవరికోసమో ఆ సహోద్యోగే తన స్క్రీన్ రీడర్‌తో విని చూడాలి. ఏది అతిగా ఉంది, ఏది చాలలేదు అన్నది వారే సరిగ్గా చెప్పగలరు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. దశలు ముప్పై, నలభైకి చేరితే అంకెల మధ్య అటూ ఇటూ తిరగడం భారమవుతుంది. అప్పుడు ఫ్లోచార్ట్‌నే ‘బిల్లు పరిశీలన’, ‘ఆమోదం’, ‘చెల్లింపు’ వంటి చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగానికి ఒక శీర్షిక పెట్టాలి. పద్ధతి మారి మధ్యలో కొత్త దశ చేరినప్పుడు తర్వాతి అంకెలన్నీ జరుగుతాయి. వర్డ్ జాబితాలోని అంకెలను తానే మారుస్తుంది గానీ, వాక్యాల్లో చేత్తో టైపు చేసిన ‘5వ దశ’ అలాగే ఉండిపోతుంది. కాబట్టి బొమ్మ మార్చిన ప్రతిసారీ ఆల్ట్ టెక్స్ట్‌లోని లెక్కనూ, వివరణలోని ప్రతి ‘దశ’నూ మళ్లీ సరిచూడాలి.