ముందు కట్టినవారికి ఎంత తగ్గించాలి?

డబ్బు కట్టి వచ్చే సెమినార్‌కు ఇప్పుడు మూడు ధరలు పెట్టడం మామూలైపోయింది. ముందుగా కడితే ఎర్లీ బర్డ్, తర్వాత రెగ్యులర్, చివర్లో లేట్ లేదా స్పాట్. డాక్టర్ల కాన్ఫరెన్సుల నుంచి అకౌంటెంట్ల క్లాసుల దాకా ఇదే పద్ధతి. కానీ చాలామంది నిర్వాహకులు ముందు ఒక రెగ్యులర్ ధర అనుకుంటారు. అందులోంచి కొంత కోసి ఎర్లీ బర్డ్ అంటారు, కొంత కలిపి లేట్ అంటారు. లెక్క అక్కడే తప్పుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ట్యాక్స్ ప్రాక్టీషనర్లకు, చిన్న సంస్థల అకౌంటెంట్లకు నవంబర్ ఆఖరి శనివారం ఒకరోజు జీఎస్టీ సెమినార్. హాలు, సౌండ్‌కు 50 వేలు, ఇద్దరు వక్తల ప్రయాణం, బస, పారితోషికం కలిపి 70 వేలు, ప్రచారం, ప్రింటింగ్‌కు 30 వేలు అనుకుందాం. పది మంది వచ్చినా, వంద మంది వచ్చినా ఈ లక్షన్నర కదలదు. దీనిపైన భోజనం, రెండుసార్లు టీ, ఫైలు, బ్యాడ్జి కలిపి మనిషికి 900. ఎనభై మంది వస్తారని అంచనా వేస్తే మొత్తం ఖర్చు 2 లక్షల 22 వేలు, అంటే తలకు 2,775 రూపాయలు. కాస్త వెసులుబాటు కోసం రెండున్నర లక్షలు వసూలు కావాలనుకుంటే సగటున 3,125 రావాలి.

ఈ 3,125ను రెగ్యులర్ ధరగా రాసేయడం తేలిక. అలా రాసి, ఎర్లీ బర్డ్‌ను 2,500 చేస్తే, ముందుగా కట్టిన ప్రతి మనిషీ సగటును కిందికి లాగుతాడు. దాన్ని పైకి తేవడానికి చివర్లో వచ్చే కొద్దిమంది సరిపోరు. కాబట్టి 3,125 అనేది మూడు ధరలూ కలిస్తే తేలాల్సిన సగటు. ఎర్లీ బర్డ్ 2,700, రెగ్యులర్ 3,300, లేట్ 3,900 పెట్టి చూడండి. మొదటి ధరకు 32 మంది, రెండో ధరకు 32, మూడో ధరకు 16 మంది వస్తే వసూలు 2,54,400. లెక్క కుదిరింది.

కానీ జనం మనం గీసిన నిష్పత్తిలో రారు. ఎనభై మందీ ఎర్లీ బర్డ్‌లోనే కట్టేస్తే వచ్చేది 2,16,000. హాలు నిండినా ఆరు వేల నష్టం. ఇంకోలా చూస్తే, 2,700 టికెట్‌లో భోజనం వగైరా 900 పోగా మిగిలేది 1,800. లక్షన్నర స్థిర ఖర్చు దాంతో తీరాలంటే 84 మంది కావాలి. రెగ్యులర్ టికెట్‌లో మిగిలేది 2,400 కాబట్టి 63 మంది చాలు. ధరలు ప్రకటించే ముందు ప్రతి నిర్వాహకుడూ వేసుకోవాల్సిన లెక్క ఇదే. దీన్ని బట్టే ఎర్లీ బర్డ్‌కు తేదీతో పాటు సీట్ల పరిమితి కూడా అవసరమని తెలుస్తుంది: ‘నవంబర్ 7 వరకు, లేదా మొదటి 40 సీట్లు, ఏది ముందైతే అది.’

సీట్లను బట్టి ధర పెంచడం మనకు కొత్తేమీ కాదు. రైల్వే 2016 సెప్టెంబర్‌లో రాజధాని, దురంతో, శతాబ్ది రైళ్లలో ఫ్లెక్సీ ఛార్జీలు తెచ్చింది. ప్రతి పది శాతం సీట్లు నిండగానే ఛార్జీ పది శాతం చొప్పున, మొదట్లో ఒకటిన్నర రెట్ల దాకా పెరిగేది. రైలుకు అన్ని మెట్లు నప్పుతాయేమోగానీ, ఎనభై మంది సెమినార్‌కు మూడే ఎక్కువ. నాలుగో ధర పెడితే ఫోన్‌లో వివరించలేక మీరే అలసిపోతారు.

ఇక తేదీ సంగతి. ఎర్లీ బర్డ్ గడువు నవంబర్ 7 అన్నది గాల్లోంచి వచ్చింది కాదు. సొంత డబ్బుతో వచ్చేవారికి నెల మొదటి వారంలోనే చేతిలో డబ్బు ఉంటుంది. 28నో 29నో గడువు పెడితే వాళ్లు జారిపోతారు. పైగా ఈ వృత్తివాళ్లకు ప్రతి నెలా జీఎస్‌టీఆర్-1 గడువు 11, 3బీ గడువు 20. ఆ రోజుల్లో వాళ్లు మీ మెసేజ్ చదవరు. ఏ వృత్తివారికి సెమినార్ పెడితే ఆ వృత్తి క్యాలెండర్ ముందు చూడాలి.

గడువుకు మరో పని కూడా ఉంది. హాలుకు మిగతా సొమ్ము నవంబర్ 10లోగా కట్టాలని ఒప్పందం ఉందనుకోండి. 7వ తేదీ రాత్రికి పాతిక మంది కూడా కట్టకపోతే చిన్న హాలుకు మారాలా, తేదీ జరపాలా అని తేల్చుకోవడానికి రెండు రోజులు చేతిలో ఉంటాయి. ఎర్లీ బర్డ్‌లో వదులుకునే ఆరు వందలు ఈ సమాచారానికి మీరు చెల్లించే వెల. హాలు డబ్బు కట్టేశాక గడువు ముగిసేలా పెడితే ఆ ఆరు వందలు ఊరికే పోయినట్టే.

లేట్ ధరకు కూడా అసలు కారణం ఉండాలి. హోటళ్లు భోజనాల సంఖ్యను సాధారణంగా రెండు మూడు రోజుల ముందే ఖాయం చేయమంటాయి. ఆ తర్వాత వచ్చినవారికి అదనపు ప్లేటు, చేతిరాత బ్యాడ్జి, అప్పటికప్పుడు రసీదు కావాలి. ఆఖరి వారంలో కట్టేవారిలో ఎక్కువమంది కంపెనీ ఖర్చుతో, పైఅధికారి అనుమతి దొరికాక వచ్చేవారే. వారికి ఆరు వందల తేడా పెద్ద అడ్డు కాదు. తేడా వంద రూపాయలే అయితే ఎవరూ తొందరపడరు. సగానికి సగం తగ్గిస్తే అసలు ధరే బూటకమని అనుమానిస్తారు. రెగ్యులర్ ధరకు అటూ ఇటూ పదిహేను, ఇరవై శాతం తేడా నాకు సబబుగా తోస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది గడువు పొడిగింపు. గడువు చివరి రెండు రోజుల్లోనే డబ్బు గుంపుగా వస్తుంది. ఆ ముందు రోజు దాకా లెక్క పలచగా కనిపిస్తే నిర్వాహకుడు కంగారుపడి ‘పాఠకుల కోరికపై’ తరహాలో మరో వారం పొడిగిస్తాడు. నమ్మి ముందే కట్టినవారికి మంట. ఆగినవారికి వచ్చే ఏడాది కూడా ఆగొచ్చన్న పాఠం. దానికి బదులు గడువుకు మూడు రోజుల ముందు ఒకటి, చివరి రోజు ఉదయం ఒకటి గుర్తుచేసే మెసేజ్ పంపితే చాలు. గడువు దాటాక ‘సార్, మేం ముగ్గురం వస్తాం, కాస్త చూడండి’ అని ఫోన్లు తప్పవు. అందుకే ఒకే సంస్థ నుంచి ముగ్గురు వస్తే ఇంత అని గ్రూప్ ధరను మొదటి రోజే ప్రకటించాలి. ఎర్లీ బర్డ్ టికెట్‌కు డబ్బు వాపసు లేదు, కానీ మీ బదులు మరొకరిని పంపుకోవచ్చు అన్న నియమం కూడా ముందే రాసి పెట్టాలి.

చివరిగా పన్ను. సేవల ద్వారా ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే మన రెండు రాష్ట్రాల్లోనూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇలాంటి సెమినార్ ఫీజుపై పన్ను 18 శాతం. 2,700 అని ప్రకటించి అందులోనే పన్ను కలిపితే మీ చేతికి వచ్చేది 2,288 మాత్రమే, అప్పుడు పైన వేసిన లెక్కంతా కూలిపోతుంది. విడిగా వేస్తే కట్టే మనిషికి 3,186 అవుతుంది. పేమెంట్ పేజీలో ఆ అంకె హఠాత్తుగా కనిపిస్తే సగంలో వదిలేసి వెళ్లేవాళ్లు ఉంటారు. పేమెంట్ గేట్‌వే కమీషన్ ఎటూ ఉంది. పోస్టర్ మీద మూడు ధరలనూ పన్నుతో కలిపి, కట్టాల్సిన పూర్తి మొత్తంగా రాయండి. జీఎస్టీ సెమినార్‌కు వచ్చేవాళ్లైతే ఆ తేడాను మరీ త్వరగా పట్టేస్తారు.