మీకు తెలుసా? పోస్టులు తొమ్మిది, బేకరీ ఒక్కటే

ఏఐతో బొమ్మలు చేసే యాప్‌లో నిన్న రాసిన మాటలే ఇవాళ పొల్లు పోకుండా మళ్లీ రాసినా నిన్నటి బొమ్మ రాదు. మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ లాంటివి బొమ్మను తెల్ల కాగితం మీద మొదలుపెట్టవు. ముందుగా రంగు చుక్కలు చెల్లాచెదరుగా చల్లిన తెర ఒకటి తయారవుతుంది. మనం రాసిన మాటలకు దగ్గరయ్యేలా ఆ చుక్కలను విడతలవారీగా సరిచేసుకుంటూ పోతే చివరికి ఒక కేకో, పఫ్ఫో తేలుతుంది. చల్లే చుక్కలు ప్రతిసారీ వేరు కాబట్టి తేలే బొమ్మా వేరు.

వరంగల్‌లో ఒక బేకరీ ఉందనుకుందాం. బోర్డు, డబ్బా, సంచీ అన్నీ మీగడ రంగు మీద వంకాయ రంగు అక్షరాలతో ఉంటాయి. ఓనరుగారి అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్‌లో వారానికి మూడు పోస్టులు పెడతాడు. సోమవారం ఎగ్ పఫ్ చీకటి గదిలో చెక్కబల్ల మీద ఉంటుంది. బుధవారం దిల్‌పసంద్ ముక్క పాలరాతి మీద మెరుస్తుంటుంది. శనివారం పుట్టినరోజు కేకు చుట్టూ గులాబీ రంగు బెలూన్లు. ఏ బొమ్మకా బొమ్మ బాగానే ఉంది, మూడూ పక్కపక్కన పెడితే మాత్రం మూడు షాపుల్లా కనిపిస్తాయి.

ఇలాంటప్పుడు చాలామంది ఇచ్చే సలహా సీడ్ నంబరు. చుక్కల తొలి అమరికకు ఒక నంబరు ఉంటుంది, దాన్నే సీడ్ అంటారు. మాటలు, సెట్టింగులు, యాప్ వెర్షను ఏవీ మార్చకుండా అదే సీడ్ ఇస్తే దాదాపు అదే బొమ్మ వస్తుంది. మనకు కావలసింది అదే బొమ్మ కాదుగా. ఎగ్ పఫ్ ఉన్నచోట దిల్‌పసంద్ అని రాయగానే చుక్కలు వేరే దారి పడతాయి. వస్తువు ఫ్రేములో ఎక్కడ ఉందన్నది కొంతవరకు నిలవొచ్చు గానీ వెలుతురు, రంగు, నేల నిలుస్తాయన్న హామీ లేదు. సీడ్ మీద అంత నమ్మకం పెట్టుకోవడం అనవసరమని నా అభిప్రాయం.

పోస్టులను ఒకే షాపువిగా కనిపించేలా చేసేది వస్తువు చుట్టూ ఉన్నదే. వెనక ఏముంది, వెలుతురు ఏ పక్క నుంచి పడుతోంది, కెమెరా ఎంత ఎత్తులో ఉంది, పళ్లెం ఎలాంటిది, అక్షరాలకు ఖాళీ ఎక్కడ వదిలాం అన్న అయిదింటినీ ఒకసారి రాసి తాళం వేసేయాలి. రోజూ మారేది మొదటి ముక్క ఒక్కటే. వరంగల్ బేకరీకి అది ఇలా ఉంటుంది:

```
egg puff cut in half, plain cream paper background,
soft window light from the left, 45-degree angle,
matte brown clay plate, empty space above
--ar 4:5 --v 7
```

రేపు మొదటి కామా ముందున్న మాటలు తీసేసి దిల్‌పసంద్ వర్ణన రాస్తారు. మిగతాది ముట్టుకోరు. వీటన్నిటిలో ఎక్కువ పని చేసేది వెలుతురు దిక్కు. ఒక బొమ్మలో నీడ కుడివైపు, పక్క బొమ్మలో ఎడమవైపు పడితే చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ రెండూ ఒకచోట తీసినవి కావని పట్టేస్తారు. కెమెరా కోణం విషయంలో మాత్రం కొంచెం సర్దుకోవాలి. పైనుంచి చూస్తే పఫ్ పొరలు కనిపించవు, ఎదురుగా చూస్తే బిస్కెట్ పళ్లెం ఒక గీతలా కనిపిస్తుంది. రెండింటికీ కుదిరేది 45 డిగ్రీలే.

పైన రాసిన ఇంగ్లిషు వర్ణనలో "అందమైన", "లగ్జరీ", "హాయిగొలిపే" లాంటి పొగడ్తలు లేవని గమనించే ఉంటారు. అవి ఊరికే ఉండవు. లగ్జరీ అనగానే వెనక నలుపు, అంచుల్లో బంగారు రంగు వచ్చేస్తాయి. హాయి అంటే పసుపు దీపాలు వెలుగుతాయి. మీగడ రంగు కాగితాన్ని ఆ ఒక్క మాట మింగేస్తుంది.

పండగ పేర్లది కూడా ఇదే తంతు. డిసెంబరులో ప్లమ్ కేకు పోస్టుకు "క్రిస్మస్" అని రాస్తే చాలు, ఎరుపు, ఆకుపచ్చ, మంచు, దేవదారు కొమ్మలు అన్నీ తరలివస్తాయి, షాపు రంగు పోతుంది. "ఎరుపు వద్దు" అని వాక్యంలో చేరిస్తే ఇంకా ఎర్రబడొచ్చు, ఎందుకంటే చాలా యాప్‌లు "వద్దు" కంటే "ఎరుపు"ను గట్టిగా పట్టుకుంటాయి. వద్దన్నవాటికి వేరే చోటు ఉంటుంది. మిడ్‌జర్నీలో అయితే చివర `--no red` అని రాస్తారు. అంతకంటే మేలైన పద్ధతి పండగ పేరే రాయకుండా పండగ వస్తువు ఒక్కటి పెట్టడం. ప్లమ్ కేకు పక్కన ఒక చిన్న గంట చాలు, క్రిస్మస్ వచ్చిందని అందరికీ తెలుస్తుంది.

మాటలతో పట్టుబడనిదాన్ని ఫొటోతో చూపించొచ్చు. మిడ్‌జర్నీలో `--sref` అని రాసి పక్కన ఒక ఫొటో లింకు ఇస్తే, అందులోని రంగులను, వెలుతురును, తీరును కొత్త బొమ్మకు అద్దుతుంది. ఎంత గట్టిగా అద్దాలో `--sw` చెబుతుంది. 0 నుంచి 1000 దాకా ఇవ్వొచ్చు, ఏమీ ఇవ్వకపోతే 100. ఆ ఫొటో షాపులో తీసిందైతే మంచిది. అయితే అందులో చెర్రీలున్న కేకు ఉంటే, తీరుతో పాటు చెర్రీలు కూడా జారి మీ పఫ్ పక్కకు వచ్చి కూర్చోవచ్చు. అందుకని సరుకేమీ లేకుండా మట్టి పళ్లెం, మీగడ కాగితం, కిటికీ వెలుతురు మాత్రమే ఉన్న ఫొటో ఒకటి తీసి దాన్నే ఇవ్వాలి.

ఇక్కడ తెలియకుండా జరిగే తప్పు ఒకటుంది. సోమవారం బొమ్మ బాగా వచ్చిందని దాన్ని బుధవారం నమూనాగా ఇస్తారు, బుధవారందాన్ని శనివారానికి. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు, ప్రతి మెట్టులోనూ కాస్త కాస్త తేడా పేరుకుంటుంది. నీడలు ముదురుతాయి, పసుపు ఎక్కుతుంది, పఫ్ అంచులు ప్లాస్టిక్‌లా నునుపు దేలుతాయి. పక్క బొమ్మతో పోలిస్తే తేడా తెలియదు. మొదటిదాన్నీ పదోదాన్నీ కలిపి చూస్తే తెలుస్తుంది. ఎన్ని పోస్టులైనా నమూనా ఆ మొదటి ఫొటోనే కావాలి.

రంగు మాటకొస్తే, #F3E6D0 లాంటి కోడు రాస్తే కచ్చితంగా ఆ రంగే వస్తుందనుకోవద్దు. బొమ్మ చేసే యాప్‌కి అది కొలత కాదు, కొన్ని అక్షరాలు మాత్రమే. కొన్ని కొత్త యాప్‌లు దగ్గరగా వస్తాయి గానీ పైన పడే వెలుతురు మళ్లీ దాన్ని మార్చేస్తుంది. ఎంత మారిందో కళ్లతో కాకుండా అంకెలతో చూడొచ్చు. ఎడిటింగ్ యాప్‌లో రంగు తీసే డ్రాపర్‌ను బొమ్మ మూలలో ఆనిస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు చెబుతుంది. మన మీగడ రంగు 243, 230, 208 అనుకుందాం. పఫ్ బొమ్మలో 241, 226, 201 వస్తే పరవాలేదు. కేకు బొమ్మలో 233, 211, 174 వచ్చిందంటే నీలం 34 పడిపోయినట్టు, అంటే బొమ్మ పసుపెక్కింది. టెంపరేచర్ అన్న మీటను కొంచెం నీలంవైపు జరిపితే చాలు, కొత్త బొమ్మ చేయనక్కర్లేదు. వంకాయ రంగు పట్టీ, లోగో అయితే యాప్‌కి అసలు అప్పగించొద్దు. అవి డిజైన్ యాప్‌లో పైన అతికించేవి, అక్కడ కోడు రాస్తే ఆ కోడే పడుతుంది.

తెలుగు అక్షరాలకూ ఇదే దారి. బొమ్మలోనే "ఉగాది శుభాకాంక్షలు" రాయమంటే "క్ష" దగ్గర బొక్కబోర్లా పడే యాప్‌లు ఇంకా ఉన్నాయి. ఒత్తులు ఊడిపోతాయి, లేదా తెలుగులా కనిపించే కొత్త లిపి పుడుతుంది. బొమ్మపైన ఖాళీ వదలమన్నది అందుకే. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర, ధరకు మండలి అని ఒకసారి ఖాయం చేసుకుని ఏడాదంతా అవే వాడితే సగం పోలిక అక్కడే వచ్చేస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ పాటించినా లొంగని సరుకులు ఉన్నాయి, ఉస్మానియా బిస్కెట్ లాంటివి. పేరు రాస్తే చాక్లెట్ ముక్కల కుకీయో, మందపాటి బటర్ బిస్కెటో రావచ్చు. దిల్‌పసంద్ అయితే మరీ కష్టం, లోపలి కొబ్బరి, టూటీఫ్రూటీ పొర సంగతి వర్ణించి వర్ణించి చెప్పాలి. అందుకే నా ఓటు దీనికి: తినే వస్తువును ఫోనుతో నిజంగా ఫొటో తీయండి, ఏఐకి వెనక భాగం మాత్రమే వదిలేయండి. అయిదు తాళాల్లో మూడు అప్పటికీ పనిచేస్తాయి. ఎడమవైపు కిటికీ, 45 డిగ్రీలు, మట్టి పళ్లెం ఫోనుకూ వర్తిస్తాయి. పైగా "అన్నా, ఫోన్‌లో ఉన్న కేకు ఇదేనా?" అని కౌంటరు దగ్గర ఎవరైనా అడిగితే తల దించుకోనక్కర్లేదు. సరుకు గురించి అబద్ధపు వర్ణన ఇచ్చే ప్రకటనను 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనగా లెక్కేస్తుంది. షాపు చేయలేని మూడంతస్తుల కేకు బొమ్మ పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

2025 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్ పేజీలోని చదరపు గళ్లు తీసేసి నిలువు గళ్లు పెట్టింది. ఇప్పుడు ఆ గడి 3:4. మన పోస్టు 1080కి 1350, అంటే 4:5. గడిలో చూసినప్పుడు రెండు పక్కలా దాదాపు 34 పిక్సెళ్ల చొప్పున తెగిపోతుంది. అంచుకు ఆనించి ధర రాస్తే "₹25" కాస్తా "₹2" కావచ్చు. లోగో, ధర రెండూ అంచు నుంచి కనీసం 60 పిక్సెళ్లు లోపలికి ఉండాలి.

పోస్టు పెట్టేముందు పాతవి ఎనిమిది, కొత్తది ఒకటి కలిపి తొమ్మిదింటినీ మూడేసి వరుసల్లో చిన్నగా పేర్చి చూడండి. విడిగా వచ్చిన బొమ్మ ముందుగా అక్కడే బయటపడుతుంది. ఒకవేళ తొమ్మిదీ పసుపుగానే కనిపిస్తే మాత్రం డ్రాపర్ తీసేముందు ఫోనులో నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. సాయంత్రమయ్యేసరికి అది తెరనంతా పసుపు చేస్తుంది.