ఫోర్గో ఆస్తి ఎవరికి చెందాలి?

1869లో ఫ్రాన్స్‌లోని పో పట్టణంలో ఫ్రాన్సువా జేవియర్ ఫోర్గో వీలునామా రాయకుండానే చనిపోయాడు. పెళ్లికాని తల్లికి 1801లో బవేరియాలో పుట్టినవాడాయన. ఐదేళ్ల వయసులో ఫ్రాన్స్ చేరాడు, బతుకంతా అక్కడే గడిపాడు. భార్యాపిల్లలెవరూ మిగల్లేదు. మిగిలిందల్లా ఫ్రాన్స్‌లో ఉన్న చరాస్తి. దానికోసం బవేరియానుంచి తల్లి తరఫు బంధువులు వచ్చారు. వారసులు లేని ఆస్తి మాదేనని ఫ్రెంచి ప్రభుత్వమూ వచ్చింది.

రెండు దేశాలతో సంబంధమున్న తగాదా ఏదైనా, తీర్పుకన్నా ముందు కోర్టు తేల్చుకోవాల్సింది ఒకటుంటుంది: ఏ దేశపు చట్టం పెట్టి తీర్పు చెప్పాలి? దీనికి ప్రతి దేశానికీ తన సొంత నియమాలు ఉంటాయి. చనిపోయిన మనిషికి చట్టరీత్యా స్థిరనివాసం ఎక్కడ ఉందో అక్కడి చట్టం ప్రకారమే చరాస్తి పంచాలన్నది అప్పటి ఫ్రెంచి నియమం. ఫోర్గో అరవై ఏళ్లకు పైగా ఫ్రాన్స్‌లో ఉన్నాడు కదా, ఇందులో చిక్కేముంది అనిపిస్తుంది. అయితే విదేశీయుడికి ఫ్రాన్స్‌లో చట్టబద్ధమైన స్థిరనివాసం రావాలంటే ఆ రోజుల్లో ప్రభుత్వ అనుమతి కావాలి. ఆయన ఆ అనుమతి తీసుకోలేదు. కాబట్టి ఎన్నేళ్లున్నా, ఫ్రెంచి చట్టం దృష్టిలో ఆయన నివాసం బవేరియాలోనే ఉండిపోయింది.

బవేరియా చట్టం చూస్తే, పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డ ఆస్తి తల్లివైపు బంధువులకు వెళ్తుంది. ఫ్రెంచి చట్టంలో అలాంటి బంధువులకు హక్కు లేదు, ఆస్తి ఖజానాకు చేరుతుంది. ఇక్కడితో ఆగితే గెలుపు బంధువులదే.

ప్రభుత్వం తరఫు లాయర్లు ఇంకో మెట్టు ఎక్కారు. బవేరియా చట్టమంటే వారసత్వపు వాటాలు చెప్పే భాగం ఒక్కటే కాదు, విదేశీ సంబంధమున్న కేసుల్లో ఏ దేశపు చట్టం చూడాలో చెప్పే భాగం కూడా అందులోదే కదా, దాన్నీ చదవండి అన్నారు. మనిషి నిజంగా ఎక్కడ కాపురం ఉన్నాడో ఆ చోటి చట్టమే చరాస్తికి వర్తిస్తుందని ఆ భాగం చెబుతోంది. ఫోర్గో నిజంగా ఉన్నది పోలో. ఫ్రాన్స్ బవేరియావైపు చూపిస్తే, బవేరియా తిరిగి ఫ్రాన్స్‌వైపే చూపించింది. ఇలా కేసు తిరిగి రావడాన్నే న్యాయశాస్త్రంలో రెన్వాయ్ అంటారు. ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం 1878లో ఈ వాదనను ఒప్పుకుంది, 1882లో ఖరారు చేసింది. ఆస్తి ఫ్రెంచి ప్రభుత్వానికి దక్కింది.

తర్కాన్ని అక్కడే ఎందుకు ఆపాలన్నదే అసలు చిక్కు. బవేరియా ‘ఫ్రెంచి చట్టం’ అన్నప్పుడు, అందులో కేసును మళ్లీ బవేరియాకు పంపే నియమం కూడా ఉంది. దాన్నీ లెక్కలోకి తీసుకుంటే కేసు రెండు దేశాల మధ్య తిరుగుతూనే ఉంటుంది. మొదటిసారి తిరిగి రాగానే ఫ్రెంచి కోర్టు స్వీకరించి, అక్కడితో చాలన్నది. ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు, నిజమే. కానీ మొదటి గడపలోనే ఆగి నేరుగా బవేరియా వారసత్వ చట్టం వర్తింపజేయాలని వాదించినవాళ్ల తర్కం ఇంతకన్నా తక్కువదేమీ కాదు. ఈ తీర్పులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. ఫోర్గో నివాసాన్ని ఫ్రాన్స్ గుర్తించలేదు కాబట్టి కేసు బవేరియాకు వెళ్లింది. అదే నివాసాన్ని బవేరియా గుర్తించింది కాబట్టి వెనక్కి వచ్చింది. గుర్తించని రాజ్యానికే ఆస్తి దక్కింది.

ఫోర్గో కేసులో ఒక సంగతిలో మాత్రం తగాదా లేదు. అది వారసత్వపు కేసని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అదీ తేలని సందర్భాలుంటాయి. మాల్టాలో పెళ్లి చేసుకున్న ఒక జంట ఫ్రెంచి పాలనలోని అల్జీరియాలో స్థిరపడింది. భర్త అక్కడ స్థిరాస్తి కొన్నాడు. ఆయన పోయాక, పేద జీవిత భాగస్వామికి మాల్టా చట్టమిచ్చే నాలుగోవంతు అనుభవ హక్కు కావాలని భార్య అడిగింది. ఇది దంపతుల ఆస్తి సంబంధాలకు చెందిన హక్కయితే, కాపురం మొదలైన మాల్టా చట్టమే వర్తిస్తుంది, ఆమెకు వాటా వస్తుంది. వారసత్వ హక్కయితే భూమి ఉన్నచోటి ఫ్రెంచి చట్టం వర్తిస్తుంది, ఆమెకు ఏమీ రాదు. 1889లో అల్జీర్స్ అప్పీలు కోర్టు దీన్ని దాంపత్య హక్కుగా తీసుకుని ఆమె పక్షాన నిలిచింది. హక్కు ఏ కోవలోదో తేల్చడాన్ని వర్గీకరణ అంటారు. ఫ్రెంచి పండితుడు ఎతియెన్ బార్తాఁ ఈ కేసును తన సిద్ధాంతానికి ముఖ్య ఉదాహరణగా తీసుకున్నాడు.

మనవాళ్లకూ ఈ ప్రశ్న దూరమైనదేమీ కాదు. కాలిఫోర్నియాలో స్థిరపడిన ఒక తెలుగాయన అక్కడి జీతంతో హైదరాబాదులో ఫ్లాటు కొని, వీలునామా లేకుండా పోయాడనుకుందాం. కాలిఫోర్నియా చట్టం ప్రకారం, కాపురంలో సంపాదించినదాంట్లో సగం ఆయన బతికుండగానే భార్యది. హిందూ వారసత్వ చట్టంలో తల్లికి, భార్యకు, బిడ్డలకు సమాన వాటాలు. సగం ముందే నాది, మిగతా సగమే పంచాలని భార్య వాదించవచ్చు. ఫ్లాటు మొత్తం పంచాలి, అందులో నాకూ వాటా ఉందని ఇక్కడున్న తల్లి వాదించవచ్చు. అడిగే ఆస్తి ఒకటే. దాన్ని దాంపత్య హక్కు అనాలా, వారసత్వం అనాలా అన్నదానిమీదే తల్లి వాటా పెరగడమూ తగ్గడమూ.

కోవ తేలాక కూడా కొన్నిసార్లు పెద్ద ప్రశ్న కడుపులో ఇంకో ప్రశ్న దాగి ఉంటుంది. బ్రిటిష్ ఇండియాకు చెందిన ఒక హిందువుకు ఫ్రెంచి వలస అయిన కొచ్చిన్‌చైనాలో, అంటే నేటి దక్షిణ వియత్నాంలో, స్థిరాస్తి ఉండేది. సొంత పిల్లలున్నా ఆయన ఇండియాలో ఒక అబ్బాయిని దత్తత తీసుకున్నాడు. ఆ అబ్బాయి ముందే చనిపోయాడు. మనవడికి ఏమీ దక్కకుండా తాత వీలునామా రాశాడు. సంతానానికి కొంత వాటా విధిగా ఇవ్వాలనే ఫ్రెంచి చట్టాన్ని పట్టుకుని మనవడు కోర్టుకెక్కాడు. స్థిరాస్తి కాబట్టి వారసత్వానికి ఫ్రెంచి చట్టమే, అందులో వివాదం లేదు. మరి అతని తండ్రి ఆ ఇంటి కొడుకేనా? ఇండియాలో వాళ్ల సొంత చట్టం ప్రకారం దత్తత చెల్లుతుంది. సొంత బిడ్డలున్నవాడు దత్తత తీసుకోకూడదని అప్పటి ఫ్రెంచి చట్టం. 1931లో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం వారసత్వానికి వాడిన ఫ్రెంచి చట్టాన్నే దత్తతకూ వాడింది. మనవడు ఓడిపోయాడు. పుస్తకాల్లో ఇది పొన్నూకన్నమ్మాళ్ కేసుగా కనిపిస్తుంది. లోపల దాగిన ఆ ప్రశ్నను అనుబంధ ప్రశ్న అంటారు.

ఇండియాలో అందరూ కొడుకన్నవాణ్ని, ఆస్తి సముద్రం అవతల ఉందన్న కారణంగా కొడుకు కాదనడం నాకు మింగుడుపడదు. కొడుకు అవునా కాదా అన్నది విడిగా తేల్చి ఉండాల్సింది. అయితే పెద్ద ప్రశ్నకు వాడే చట్టాన్నే లోపలి ప్రశ్నకూ వాడే పద్ధతి ఎప్పుడూ చేటే చేస్తుందనీ అనలేను. హంగేరీనుంచి బయలుదేరిన ఒక యూదు జంట ఇజ్రాయెల్ వెళ్లే దారిలో, ఇటలీలో, మతాచారం ప్రకారం విడిపోయింది. ఆ విడాకులు హంగేరీలో గానీ ఇటలీలో గానీ చెల్లవు, ఇజ్రాయెల్‌లో చెల్లుతాయి. ఇద్దరూ ఇజ్రాయెల్‌లో స్థిరపడ్డారు. తర్వాత ఆమె టొరంటోలో మరొకరిని పెళ్లాడింది. కొంతకాలానికి ఆ రెండో భర్త, మొదటి పెళ్లి రద్దు కాలేదు కాబట్టి మా పెళ్లి చెల్లదంటూ కోర్టుకు వెళ్లాడు. ఒంటారియో సొంత నియమాలతో చూస్తే విడాకులు చెల్లేవి కావు. కానీ ఆమె పెళ్లికి అర్హురాలా కాదా అన్న పెద్ద ప్రశ్న ఇజ్రాయెల్ చట్టానిది. కోర్టు విడాకులనూ ఆ చట్టంతోనే చూసింది. 1964లో కెనడా సుప్రీంకోర్టు ఆ రెండో పెళ్లి చెల్లుతుందని తీర్పు చెప్పింది.